ఒక వెబినారు, ఆరు తునకలు, ఆరు తొలివాక్యాలు

2025 ఫిబ్రవరిలో, ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం సందర్భంగా, పులికాట్ సరస్సు గురించి కొందరు మిత్రులు ఒక వెబినారు నిర్వహించారు. దాని రికార్డింగు నిడివి గంటా నలభై రెండు నిమిషాలు. విశ్రాంత ఉపాధ్యాయులొకరు సరస్సు పేరు గురించీ పాత రేవు గురించీ మాట్లాడారు. ఏళ్ల తరబడి పక్షులను గమనిస్తున్న ఒకాయన నేలపట్టు గురించి చెప్పారు. చివర ఒక మత్స్యకారుడు తన ఇంటి అరుగు మీద కూర్చుని ఫోనులోంచే మాట్లాడారు. ముగ్గురూ విలువైన మాటలే చెప్పారు. అయినా రికార్డింగు మొత్తాన్ని కూర్చుని చూసినవాళ్లు, నాకు తెలిసినంతలో, ఆ మాట్లాడినవాళ్ల ఇళ్లవాళ్లే. దాన్ని చిన్న తునకలుగా కోసి, దేనికి తగిన తొలివాక్యం దానికి పెట్టి పంపే పని నా మీద పడింది. ఆ పనిలో తెలిసివచ్చిన నాలుగు సంగతులు ఇక్కడ రాసిపెడుతున్నాను. మీలోనూ కొందరి దగ్గర ఇలాంటి పొడుగాటి రికార్డింగులు మూలుగుతూ ఉంటాయని నాకు తెలుసు.

ముందుగా చేయవలసింది కత్తెర పట్టడం కాదు, కాగితం పట్టడం. నేను రికార్డింగును మొదటి నుంచి చివరిదాకా విని, మాట మారిన చోటల్లా నిమిషం, సెకను వేసుకుని, ఎదురుగా ఒక్క వాక్యంలో సారాంశం రాసుకున్నాను. రెండోసారి వింటున్నప్పుడు మాత్రం వేరే గుర్తు పెట్టుకున్నాను. ఏ వాక్యం తన ముందు మాటల ఆసరా లేకుండా నిలబడగలదో దాని పక్కన చుక్క పెట్టాను. చుక్కలు పెట్టవలసినవి నేననుకున్న దానికంటే చాలా తక్కువ. మాట్లాడే తెలుగులో వాక్యాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడుస్తాయి. "అందుకని", "ఇందాక చెప్పినట్టు", "మరి అవేమో", "అదే కదా" అంటూ మొదలయ్యే వాక్యాన్ని తునకకు తలకాయగా పెడితే చూసేవాడు నడిమధ్యలో గదిలోకి వచ్చినవాడిలా తెల్లబోతాడు. "అవి" అంటే ఏవి? "ఇందాక" అంటే ఎప్పుడు? ఆ రెండు మూడు క్షణాల తికమకలోనే వేలు తెర మీద పైకి జరిగిపోతుంది.

రెండో చిక్కు మన భాష తీరుతో వచ్చేది. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఉపాధ్యాయులవారు ఒకచోట ఇలా అన్నారు: "పదిహేడో శతాబ్దంలో ఈ తీరపు మగ్గాల మీద నేసిన గళ్ల బట్ట ఓడలెక్కి, సముద్రాలు దాటి, మలయా దేశం చేరి, అక్కడి జనం నోట ఈ రేవు పేరుతోనే స్థిరపడిపోయింది." చక్కని వాక్యమే. కానీ ఆయన నింపాదిగా పలికితే పది సెకన్లు దాటుతుంది, అసలు సంగతి తొమ్మిదో సెకనులో వస్తుంది. కాలం, చోటు, విశేషణాలు అన్నీ ముందు వచ్చి కూర్చుంటాయి, చెప్పదలచుకున్నది కడపట ప్రవేశిస్తుంది. సభలో కూర్చున్నవాడు దానికోసం ఆగుతాడు. ఫోను పట్టుకుని బస్సులో నిలబడినవాడు ఆగడు. అదృష్టవశాత్తూ మంచి వక్తలు పొడుగు వాక్యం చెప్పిన తరువాత, ఎదుటివాడి ముఖం చూసి, అదే సంగతిని పొట్టిగా మళ్లీ చెబుతారు. ఈయన కూడా ఒక నిమిషం తరువాత నవ్వుతూ అన్నారు: "మలయావాళ్లు గళ్ల లుంగీని కైన్ పెలికాట్ అంటారండీ." నాలుగు సెకన్ల మాట. నా చుక్క దానికే పడింది. కనుక తొలివాక్యం కోసం వెతికేటప్పుడు వక్త సంగతిని మొదటిసారి చెప్పిన చోట ఆగిపోవద్దు. రెండోసారి చెప్పిన చోటుదాకా వెళ్లండి.

ఇక అసలు సంగతి. ఒకే తునకకు మూడు వేర్వేరు తొలివాక్యాలు అతికించి ముగ్గురికి పంపవచ్చునని చాలామంది అనుకుంటారు. మొదట్లో మా బృందంలో వచ్చిన సూచన కూడా అదే. తల మారుస్తాం, మొండెం అలాగే ఉంచుతాం. ఇది ఎందుకు కుదరదో ఉపాధ్యాయులవారి ప్రసంగంతోనే చెబుతాను.

ఆయన పదకొండు నిమిషాల మాట ఈ వరుసలో సాగింది. మొదట సరస్సు పేరు. ఈ వైపు జనం దాన్ని ప్రళయకావేరి అంటారు. స. వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ చదివినవారికి ఆ పేరు కొత్త కాదు. పటం మీద ఉన్న పులికాట్ అన్నది సరస్సు దక్షిణపు కొసన, నేటి తమిళనాడులో ఉన్న పళవేర్కాడు అనే ఊరి పేరును విదేశీయులు పలికిన తీరు. తరువాత ఆ ఊరి రేవు. డచ్చివారు అక్కడ 1613లో గెల్డ్రియా కోట కట్టుకుని, 1690లో నాగపట్నానికి తరలిపోయేదాకా కోరమండల్ తీరంలో తమ వ్యాపారానికి దాన్నే కేంద్రంగా ఉంచుకున్నారు. ఆ తరువాత బట్ట. ఈ తీరంలో నేసిన బట్టలు తూర్పు దీవులకు పోయేవి, వాటికి మారుగా సుగంధ ద్రవ్యాలు దొరికేవి. చివరకు లుంగీ మాట.

ఈ పదకొండు నిమిషాలను ముగ్గురు మూడు కారణాలకు వింటారు. సాహిత్య మిత్రులకు పేరు మీద ఆసక్తి. మలేషియాలోని తెలుగువారికి తమ ఇంట్లో తాతలు కట్టుకున్న లుంగీ మీద ఆసక్తి. సూళ్లూరుపేట పక్షుల పండుగకు పిల్లలను తీసుకుపోయి, అటునుంచి కోట కూడా చూద్దామనుకునేవారికి చరిత్ర మీద ఆసక్తి. మొదటివారికి నేను ఎంచుకున్న తొలివాక్యం: "మా వైపు దీన్ని పులికాట్ అని ఎవరూ అనరు." రెండోవారికి ఆ లుంగీ వాక్యం. మూడోవారికి: "డచ్చివాళ్ల కోట ఇక్కడికి దగ్గరలోనే ఉందండీ."

ఇప్పుడు ఈ మూడు తలల కిందా ఒకే మూడు నిమిషాల మొండెం పెట్టి చూడండి. "పులికాట్ అని ఎవరూ అనరు" అన్న మాట విని ఆగినవాడు "మరి ఏమంటారు? ఈ పేరు ఎలా వచ్చింది?" అన్న రెండు ప్రశ్నలతో కూర్చుంటాడు. వాటికి జవాబు రెండు నిమిషాల పది సెకన్లకు పూర్తవుతుంది. ఆ తరువాత రేవు, బట్ట ఎంత విలువైనవైనా అతనికి అవి వేరే కథ. లుంగీ మాటకు ఆగినవాడికి సరస్సు పేరు గురించిన చర్చ అడ్డు. అతనికి కావలసింది బట్ట ఎలా ఓడెక్కింది, ఎందుకు అక్కడ ఊరి పేరు నిలిచింది అన్నది. అందుకని ఆ తునకలో పేరు చర్చలోంచి ఒకే ఒక్క వాక్యం, పళవేర్కాడు పులికాట్‌గా మారిందన్నది, ఉంచి మిగిలినదంతా తీసేశాను. అది ఒక నిమిషం యాభై సెకన్లు వచ్చింది. కోట తునక 1613తో మొదలై 1690తో ముగిసింది. తొలివాక్యం ఒక ప్రశ్నను లేపుతుంది, ఆ ప్రశ్న తీరిన చోటే తునక ముగియాలి. కాబట్టి తొలివాక్యం మారితే చివరి వాక్యం కూడా మారి తీరాలి. తలలు మూడైతే మొండేలు కూడా మూడే. ఈ లెక్క తెలిశాక పని మూడింతలైంది కానీ, ఎక్కడ ఆపాలన్న గుంజాటన మాత్రం పూర్తిగా పోయింది.

కోసే పనిముట్టు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. నేను వాడేది ffmpeg అనే ఉచిత సాఫ్టువేరు. దానితో చిత్రాన్ని మళ్లీ కూర్చకుండా, ఉన్నదున్నట్టు నకలు తీస్తూ కోయవచ్చు. క్షణాల్లో పని అయిపోతుంది. కానీ తొలివాక్యం ముఖ్యమైన తునకకు ఆ పద్ధతి పనికిరాదు. వీడియో ఫైలులో ప్రతి బొమ్మా నిండుగా ఉండదు. కొన్ని సెకన్లకొకసారి ఒక నిండు బొమ్మ ఉంటుంది, దాన్ని కీఫ్రేము అంటారు. మధ్యలో ఉన్నవన్నీ మునుపటి బొమ్మలతో పోల్చి వచ్చిన మార్పుల చిట్టాలే. నకలు తీసే పద్ధతిలో చిత్రం కీఫ్రేము దగ్గరే మొదలు కాగలదు. వెబినారు రికార్డింగులలో ఒక కీఫ్రేముకూ మరోదానికీ మధ్య చాలా ఎడం ఉండవచ్చు. ఫలితంగా మీరు కోరిన చోటుకు ముందే తునక మొదలై గత వాక్యపు తోక "...న్నారండీ" అని వినిపిస్తుంది. లేదా మాట సాగుతుంటే ముఖం మాత్రం కాసేపు బిగుసుకుని నిలబడుతుంది. ఇది గమనించడానికి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి రెండు సెకన్లు మాత్రం మూడుసార్లు వింటే చాలు. మందు ఏమిటంటే, ఓపిక పట్టి చిత్రాన్ని మళ్లీ కూర్పించడమే:

```
ffmpeg -ss 00:31:12.4 -to 00:33:22.4 -i webinar.mp4 -c:v libx264 -crf 20 -c:a aac peru.mp4
```

ఇక్కడ సెకనులో పదో వంతు దాకా రాయడం చాదస్తం కాదు. మొదటి అక్షరం పలకడానికి ముందు ఒక చిన్న ఊపిరి ఉంటుంది. దాన్ని ఉంచితే మనిషి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, తీసేస్తే ఎవరో నోరు నొక్కి వదిలినట్టు ఉంటుంది.

ఇంకొక తునక ఈ పనిముట్టుతోనే పేచీ పెట్టింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును రెండుగా చీలుస్తూ పోతుంది. దాని మాట వచ్చినప్పుడు పక్షుల పరిశీలకులు పటం చూపుతూ "ఇదిగో, ఈ గీత చూడండి" అన్నారు. ఫోనులో నిలువుగా చూసేవాళ్ల కోసం చిత్రాన్ని కత్తిరిస్తే, 1280 వెడల్పు, 720 ఎత్తు ఉన్న బొమ్మలోంచి నిలువు చట్రానికి దక్కేది సుమారు 404 చుక్కల వెడల్పు మాత్రమే. మూడింట ఒక వంతు కూడా కాదు. ఆయన ముఖం ఉంటే పటం పోతుంది, పటం ఉంటే ముఖం పోతుంది. "ఈ గీత" అన్న తొలివాక్యానికి గీతే కనబడకపోతే ఏమి మిగులుతుంది? ఆ తునకను అడ్డంగానే ఉంచేశాను. చూపుడు వేలుతో చెప్పిన మాటను నిలువుగా కోయకూడదని అప్పటినుంచి ఒక నియమంగా పెట్టుకున్నాను.

ఇంతవరకూ చెప్పినవన్నీ చేతిపని సంగతులు. అసలైన పరీక్ష ఆఖరి రెండు తునకల దగ్గర వచ్చింది.

పరిశీలకుల మాటల్లో నాకు నచ్చిన వాక్యం: "నేలపట్టులో ఫ్లెమింగోలు గూళ్లు కట్టవు." పండుగకు వచ్చే కుటుంబాల్లో చాలామంది దొరవారిసత్రం దగ్గరి నేలపట్టుకు వెళ్లి, ఫ్లెమింగోలేవని అడుగుతారట. అక్కడి చెరువులో నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచేవి గూడకొంగలు, మరికొన్ని జాతుల కొంగలు. ఫ్లెమింగోలు చెట్లెక్కేవి కావు. మన దేశంలో అవి ప్రధానంగా గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్ ప్రాంతంలో, బురదను దిబ్బలా పేర్చుకుని. చలికాలంలో పులికాట్‌కు వచ్చేది తిండికోసం. సరస్సు లోతు సగటున మీటరు చుట్టుపక్కలే కనుక ఆ పొడుగు కాళ్లతో నిలబడి, ముక్కు తలకిందులుగా ముంచి, నీళ్లు వడగట్టుకుని తింటాయి. ఈ తొలివాక్యం ఆశ్చర్యపరుస్తుంది, అయినా అది నిజం. దాన్ని మాత్రమే విని వెళ్లిపోయినవాడు కూడా ఒక సరైన సంగతి తెలుసుకుని వెళతాడు.

మత్స్యకారుని మాటలు అలా కాదు. యాభై ఎనిమిదో నిమిషంలో ఆయన అన్నారు: "గూడకొంగ తినే చేపా మేం పట్టే చేపా ఒకటే." మా బృందంలోని కుర్రవాడు ఎగిరి గంతేశాడు. "ఇదే పెడదాం అన్నా, ఇక ఎవరూ కదలరు" అన్నాడు. అతని అంచనా తప్పు కాదు. పొట్టిగా ఉంది, క్రియ కోసం ఆగనక్కరలేదు, తగాదా వాసన ఉంది. కానీ రెండు నిమిషాల తరువాత ఆయన చెప్పదలచుకున్నది వేరు. సముద్రపు నీరు సరస్సులోకి వచ్చే మొగ ఇసుకతో పూడిపోతే రొయ్య రాదు, చేప రాదు, వేసవిలో నీరు ఇంకి నేల పగులుతుంది, అప్పుడు "దానికీ లేదు, మాకూ లేదు" అన్నది ఆయన సారాంశం. ఆయన పక్షి మీద ఫిర్యాదు చేయలేదు, పక్షిని తన పక్కన నిలబెట్టుకున్నారు.

తునక చివరిదాకా చూస్తే ఈ సంగతి తెలుస్తుంది కదా అని కుర్రవాడి వాదం. కానీ చివరిదాకా ఎవరు చూస్తారు? యూట్యూబు తన వీడియోలకు ఇచ్చే పటంలో చూసేవాళ్ల సంఖ్య ఏ సెకనులో ఎంత తగ్గిందో గీత గీసి చూపుతుంది. సాధారణంగా ఆ గీత ఎక్కువగా జారేది మొదట్లోనే. అంటే తొలివాక్యం మాత్రమే విని పోయేవాళ్లు ప్రతి తునకకూ ఉంటారు. వాళ్లు దారిన పోయేవాళ్లు కారు, ఆ ఒక్క మాటను మోసుకుపోయేవాళ్లు. "పులికాట్ జాలర్లకు పక్షులంటే గిట్టదట" అని రేపు నలుగురికి చెప్పేది వాళ్లే.

నేను ఆయనకు ఫోను చేసి రెండు మొదళ్లూ వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "ఆ మాట నేనే అన్నాను నాయనా, కాదనను. కానీ అదొక్కటే తలవాకిట్లో కట్టినావంటే ఇంట్లోకి ఎవరొస్తారు? నన్ను పక్షికి పగోడంటారు. రేపు అడవోళ్ల మీటింగులో నా మొహం ఎట్ట చూపించేది?"

ఆయన అడిగింది న్యాయం. అప్పటినుంచి తొలివాక్యానికి నేను పెట్టుకున్న గీటురాయి ఇది: దాన్ని మాత్రమే విని వెళ్లిపోయినవాడికి అబద్ధం చేరకూడదు. చివరిదాకా చూసినవాడి చేతిలో నిజం పెట్టడం చాలదు.

చివరకు అరవయ్యో నిమిషంలోని మాటను ముందుకు తెచ్చాం: "మొగ పూడిపోతే గూడకొంగకూ లేదు, మాకూ లేదు." దాని తరువాత అర సెకను చీకటి పెట్టి, నిర్వాహకులు ఆయనను అడిగిన ప్రశ్నతో తునకను మొదలుపెట్టాం. ఆ అర సెకను చీకటి అవసరం. ముందు వాక్యం వేరే చోటునుంచి తెచ్చినదని చూసేవాడికి తెలియాలి. అది లేకుండా అతికిస్తే ప్రశ్నకు ముందే జవాబు చెప్పినట్టు, కొన్నిసార్లు అడగని ప్రశ్నకు జవాబు చెప్పినట్టు అవుతుంది. చేపల మాట తన చోటులోనే, మధ్యలో, ఉంది. దాన్ని తీసేయలేదు. ముందుకు తెచ్చిన వాక్యాన్ని దాని పాత చోటునుంచి తీసినప్పుడు ఆయన తల ఒక్కసారి ఎగిరినట్టు కనబడింది. అక్కడ రెండు సెకన్లు సరస్సు ఛాయాచిత్రం కప్పాం, మాట మాత్రం ఆయనదే సాగింది. రెండు ముక్కలనూ ఒకే కొలతలతో కూర్చుకుంటే అతకడం తేలిక. పేర్లను ఒక్కో వరుసకు ఒకటిగా, ప్రతి పేరు ముందు file అన్న మాట పెట్టి, ఒక జాబితాలో రాసి ఇస్తే చాలు:

```
ffmpeg -f concat -safe 0 -i list.txt -c copy moga.mp4
```

ఏ తొలివాక్యం బాగా నిలిపిందని నన్ను అడుగుతారు. నిజానికి ఆ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పడం అంత తేలిక కాదు. సాహిత్య మిత్రులకు వెళ్లిన తునక వేరు, మలేషియాకు వెళ్లింది వేరు. వారమూ వేరు, శీర్షికా వేరు. కొద్ది వందలమంది చూసిన చోట నాలుగు శాతం తేడాను పట్టుకుని తొలివాక్యానికి కిరీటం పెట్టలేం. ఆ గీతలో నేను నమ్మేది ఒక్కదాన్నే. మొదటి పది సెకన్లు నిలబడినవాళ్లు ఉన్నట్టుండి ఒకేచోట గుంపుగా వెళ్లిపోతే, అక్కడ తొలివాక్యం లేపిన ప్రశ్న తీరిపోయి ఉంటుంది, నేను ఇంకా లాగుతున్నానన్నమాట. కోట తునకలో అలాంటి మెట్టు ఒకటి కనబడింది. 1690 తరువాత వక్త కృతజ్ఞతలు చెబుతున్న ఇరవై సెకన్లు మిగిలి ఉన్నాయి. వాటిని తీసి మళ్లీ పెట్టాను.

ఆరు తునకలూ కలిపి పదిహేను నిమిషాలు కూడా లేవు. మిగిలిన గంటన్నరను పారేయలేదు. ప్రతి తునక కిందా అది పూర్తి రికార్డింగులో ఏ నిమిషం నుంచి వచ్చిందో రాసి, లంకె ఇచ్చాను. మొగ తునక కింద రెండు అంకెలున్నాయి, ఎందుకంటే అది రెండు చోట్లనుంచి వచ్చింది. ఎవరైనా అనుమానం వచ్చి వెళ్లి చూడాలనుకుంటే చూసుకోవచ్చు. ఆ మత్స్యకారుడు తన మనుమడి చేత రెండు చోట్లా నొక్కించి, రెండూ విని, తరువాతే తమ వాట్సాప్ గుంపులో పెట్టారు.